కొంగుముడి ఇంగ్లీషులోకి వెళ్తే: మక్కికి మక్కా, స్వేచ్ఛా?

నేను రాసుకున్న ఈ మూడు పాదాలను ఇంగ్లీషులోకి మక్కికి మక్కి, అంటే మాటకు మాట అనువదించాలా, స్వేచ్ఛగానా అని రెండు విధాలా చేసి చూశాను:

అమ్మ కొంగున
ముడివేసిన చిల్లర
ఇంకా ఖర్చు కాలేదు

పదచిత్రం: మక్కికి మక్కి చేస్తే ముడి 'నాట్'గా మిగులుతుంది, కొంగు 'శారీ ఎండ్' అవుతుంది. చీర తెలియనివాళ్లు ఒక్క క్షణం ఆగుతారు. స్వేచ్ఛగా 'పర్స్' అంటే అందరికీ అర్థమవుతుంది, కానీ పంటితో ముడి విప్పే అమ్మ పోతుంది. నాకది పెద్ద నష్టమే.

పాదవిరుపు: తెలుగులో క్రియ చివర వస్తుంది, 'కాలేదు' దాకా విషయం తేలదు. స్వేచ్ఛగా 'షి నెవర్ స్పెంట్' అని మొదలెడితే వాక్యం హాయిగా నడుస్తుంది, గుట్టు మాత్రం మొదటి పాదంలోనే బయటపడుతుంది. మక్కికి మక్కిలో నడక కాస్త కుంటినా 'స్టిల్ అన్‌స్పెంట్' చివరికే చేరుతుంది.

శ్రమ: మాటకు మాట పెట్టడం తేలికనుకుంటాం. చిల్లరకు 'చేంజ్' పెట్టి చూశాను, మార్పు అనే అర్థం కూడా దూరింది! చివరికి 'కాయిన్స్' అన్నాను.

పక్కనే తెలుగు మూలం అచ్చయ్యే ద్విభాషా సంపుటికైతే మక్కికి మక్కి. వేదిక మీద చదివేదైతే స్వేచ్ఛ, వినేవాళ్లు వెనక్కెళ్లి చదువుకోలేరు కదా. అప్పుడైనా 'పర్స్' మాత్రం పెట్టను.