ఒక్కో మాటకు ఒక్కో వరుస: కేసు పత్రాల్లో వైరుధ్యాలు పట్టే స్ప్రెడ్‌షీట్, చాలాకాలం వాడాక

కేసు ఫైలు చేతికి రాగానే తేదీల వారీగా ఘటనల పట్టిక వేసుకోవడం మా వృత్తిలో అందరూ చేసేదే. నేను దాన్ని వదిలేసి కొన్నేళ్లయింది. ఇప్పుడు ఘటనకు కాకుండా, ఒక్కో పత్రం చెప్పే ఒక్కో మాటకు ఒక్కో వరుస వేస్తున్నాను. మామూలు స్ప్రెడ్‌షీటే సరిపోతుంది. ఘటనకు ఒకే వరుస ఉంటే, రాసేవాళ్లు రెండు తేదీల్లో ఒకదాన్ని అప్పటికప్పుడే ఎంచుకోవాల్సి వస్తుంది. రెండోది పట్టికలోంచి మాయమవుతుంది. దాన్ని మళ్లీ బయటికి తీసేది ఎక్కువసార్లు ఎదుటి లాయరే.

నా కాలమ్‌లు కొన్నే: విషయం పేరు, పత్రం నంబరు, పేజీ లేదా పేరా, పత్రంలో ఉన్న మాటలు ఉన్నవున్నట్టుగా, పత్రం తేదీ, పోల్చడానికి విలువ, ఆ మాట చెప్పినవారికి అది ఎలా తెలుసో. ఈ చివరి కాలమ్ నింపడానికే ఎక్కువ టైమ్ పడుతుంది, అసలు పని కూడా అక్కడే ఉంది.

వివరాలు మార్చి ఒక కేసు చెబుతాను. 240 పెట్టెల సరుకు పూర్తిగా అందిందా, 12 తగ్గాయా అన్నది తగాదా. పైపైన చూస్తే ఆర్డర్, ఇన్‌వాయిస్, అమ్మినవారి దగ్గరి చలాన్ కాపీ, స్టాక్ రిజిస్టర్ నాలుగూ 240 అంటున్నాయి. కొన్నవారి దగ్గరి చలాన్ కాపీ, సర్వేయర్ రిపోర్టు మాత్రం 228 వైపు ఉన్నాయి. నాలుగుకు రెండు అని లెక్కేస్తే అమ్మినవారిదే పైచేయి.

చివరి కాలమ్ నింపుతూ పోతే లెక్క మారిపోయింది. ఆర్డర్ చెప్పేది అడిగిన సంఖ్య, అందిన సంఖ్య కాదు. కాబట్టి అది వేరే విషయం పేరు కిందికి వెళ్లింది. ఇన్‌వాయిస్ తేదీ సరుకు బయల్దేరడానికి ముందు రోజుది. రిజిస్టర్‌లో 240 ఉన్న కాలమ్ తలకట్టు “బిల్లు ప్రకారం”, అంటే అది ఇన్‌వాయిస్ చూసి ఎక్కించిన అంకె. సర్వేయర్ కూడా పెట్టెలు లెక్కపెట్టలేదు, “చలాన్ ప్రకారం” అని రాశాడు. చివరికి మిగిలింది ఒకే చలాన్ తాలూకు రెండు కాపీల మధ్య తేడా. రెండింటిలోనూ అచ్చులో 240 ఉంది, ఒకదాని మీద మాత్రం చేతిరాత ఉంది. అందుకే ఒకే పత్రం కాపీలకు కూడా వేర్వేరు నంబర్లు ఇస్తాను.

సీనియర్‌కు పంపిన నోట్ ఇది:

“అందిన సంఖ్య: ప-04, పేజీ 1, సంతకం పైన అచ్చులో ‘240’. ప-05, పేజీ 1, సంతకం కింద చేతిరాత ‘12 తక్కువ’ (228 అనేది మన తీసివేత, పత్రంలో లేదు). చేతిరాత సంతకానికి ముందుదా, తర్వాతదా తెలియదు. ప-05 అసలు ప్రతి చూడాలి.”

ఏది నిజమో అందులో తేల్చలేదు, తేల్చడం ఆ నోట్ పని కాదు.

తేడాలున్న వరుసలను ఈ ఫార్ములా చూపిస్తుంది. ఇందులో A విషయం పేరు, F పోల్చే విలువ:

```
=IF(COUNTIFS(A:A,A2,F:F,"<>"&F2)>0,"చూడాలి","")
```

ఒక చిక్కుంది. F ఖాళీగా ఉన్న వరుసను కూడా ఇది తేడాగానే లెక్కిస్తుంది. అందుకే ఆ విషయం గురించి ఏమీ చెప్పని పత్రానికి ఇక్కడ వరుస వేయను, వేరే షీట్‌లో రాస్తాను. ఏమీ చెప్పకపోవడం వేరు, కాదనడం వేరు.

ఇదే కేసులో తేదీ తేడా మాత్రం ఉత్తిదని తేలింది. చలాన్ మీద 12, రిజిస్టర్‌లో 13. లారీ రాత్రి గేటు దగ్గరికి వచ్చింది, దించింది మర్నాడు పొద్దున. విషయం పేరును “గేటుకు రాక”, “దించడం” అని రెండుగా విడగొడితే ఫార్ములా ఊరుకుంది.

చిరాకు పెట్టేవీ ఉన్నాయి. 03/04 అని టైప్ చేస్తే స్ప్రెడ్‌షీట్ తన సెట్టింగ్ ప్రకారం మార్చి 4 గానో ఏప్రిల్ 3 గానో మార్చేస్తుంది, చెప్పదు కూడా. ఉన్నవున్నట్టు మాటల కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా పెట్టుకోవాలి. పీడీఎఫ్ చూపే పేజీ నంబరు, కాగితం మీద అచ్చయిన నంబరు చాలాసార్లు కలవవు, నేను రెండూ రాస్తాను. కోర్టు కోసం పత్రాలన్నీ కలిపి మళ్లీ నంబర్లు వేసినప్పుడు నా ప-నంబర్లు మార్చను, కొత్త పేజీకి ఇంకో కాలమ్ పెడతాను.

ఇద్దరు కలిసి నింపితేనే అసలు టెన్షన్. ఒకరు “అందిన సంఖ్య” అని, మరొకరు “డెలివరీ సంఖ్య” అని పేరు పెడితే 240, 228 ఒకే షీట్‌లో ఉన్నా ఫార్ములాకు కనబడవు. విషయం పేర్లను డ్రాప్‌డౌన్ జాబితాగా పెట్టి, కొత్త పేరు చేర్చే పని ఒకరికే అప్పజెప్పాక ఇది చాలావరకు తగ్గింది. పత్రాలు వేలల్లో ఉన్న ఫైలుకు మాత్రం మొత్తం ఇలా నింపడం అయ్యే పని కాదు. అలాంటప్పుడు తగాదా నిలబడ్డ మూడు నాలుగు విషయాలకే ఈ షీట్ వేసి, మిగతావాటికి పాత తేదీల పట్టికే వాడుతున్నాను.