ఎనిమిదేళ్ళు వాడిన హైడ్రాలిక్స్ పుస్తకం, అందులో ఎగిరిపోయిన ఒక సున్నా

రావులపాలెంలో సాయంత్రం పూట డిప్లొమా సివిల్ పిల్లలకు హైడ్రాలిక్స్ చెబుతాను. ఎనిమిదేళ్ళుగా ఒకటే పుస్తకం. అట్ట రంగును బట్టి మా దగ్గర అందరూ దాన్ని ఎర్ర పుస్తకం అంటారు, నేనూ ఇక్కడ అలాగే అంటాను. రెండు కాపీలు చిరిగిపోయాయి, ఇప్పుడు మూడోది నడుస్తోంది. కుట్టు బలం లేదు. వానాకాలం వస్తే అయిదో అధ్యాయం మొత్తం కట్టగా ఊడి చేతికొస్తుంది. అయినా దీన్నే కొనమంటాను. చేసి చూపిన లెక్కల్లో ఒక్క మెట్టు కూడా మింగేయకుండా వరసగా రాసిన పుస్తకం నాకు ఇంకొకటి కనపడలేదు.

ఆ మెట్లు ఉండబట్టే ఒక అచ్చుతప్పు దొరికింది. ఈ సమీక్షలో ఎక్కువ భాగం దాని గురించే.

ఓ రోజు క్లాసు అయిపోయాక ఒకమ్మాయి నోట్సు పట్టుకుని ఆగిపోయింది. "మాస్టారూ, నాలుగుసార్లు చేశానండి. వేగం 2.11 వస్తోంది, పుస్తకంలో 0.668 ఉంది. ఎక్కడ తప్పానో తెలియట్లేదండి." అప్పటికి ఆ లెక్కను నేను మూడేళ్ళుగా చెబుతున్నాను. బోర్డు మీద సూత్రం రాసి, విలువలు పెట్టి, జవాబు మాత్రం పుస్తకంలో చూసి దించేసేవాణ్ణి. సిగ్గుగానే ఉంది, కానీ నిజం అదే.

లెక్క ఇది. మట్టి కాలువ, అడుగు వెడల్పు 6 మీటర్లు, నీటి లోతు 1.5 మీటర్లు. పక్కవాలు 1.5:1, అంటే మీటరు ఎత్తుకు మీటరున్నర అడ్డం. కాలువ గరుకుదనాన్ని చెప్పే మానింగ్ n విలువ 0.025. అడుగు వాలు S 400కి 1. నీటి వేగం, ప్రవాహం, దాని కింద పారే ఆయకట్టు కనుక్కోవాలి. సూత్రం అందరికీ తెలిసిందే:

```
V = (1/n) × R^(2/3) × S^(1/2)
```

పుస్తకం ముందు కాలువ అడ్డుకోత వైశాల్యం 12.375 చదరపు మీటర్లు అంటుంది, సరే. తడి చుట్టుకొలత 11.41 మీటర్లు, అదీ సరే. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే హైడ్రాలిక్ రేడియస్ R 1.085, అదీ సరిపోయింది. ఆ తర్వాతి వరసలో 1/400 పెట్టి V = 0.668 అని రాశారు. కాలిక్యులేటర్ మాత్రం 2.11 అంటుంది. అమ్మాయి ఎక్కడా తప్పలేదు.

తప్పు జవాబులో ఉందా, ఇచ్చిన విలువల్లో ఉందా? ముందు తేల్చాల్సింది ఇది. జవాబు ఒక్కటే అచ్చులో చెడి ఉంటే కింది వరసలు దానితో కలవవు. ఇక్కడ కలుస్తున్నాయి. 12.375ని 0.668తో గుణిస్తే ప్రవాహం సెకనుకు 8.27 ఘనపు మీటర్లు, పుస్తకంలోనూ అదే ఉంది. డ్యూటీ, అంటే సెకనుకు ఒక ఘనపు మీటరు నీటితో పారే హెక్టార్లు, 900 తీసుకుని ఆయకట్టు 7,443 హెక్టార్లు అన్నారు, అదీ 8.27 నుంచే వస్తుంది. అంటే రాసినాయన లెక్క కట్టినప్పుడు ఆయన చేతిలో వచ్చింది 0.668 అనే. చెడింది పైన ఉన్న అంకెల్లో ఏదో ఒకటి.

ఏదో చెప్పేది నిష్పత్తి. 2.11ని 0.668తో భాగిస్తే 3.16 వస్తుంది. అది పది వర్గమూలం. సున్నా గానీ దశాంశ బిందువు గానీ తప్పినప్పుడు ఆ విలువలో పది రెట్ల తేడా వస్తుంది, ఆ పది సూత్రంలో ఏ ఘాతం కిందికి పోయిందో జవాబులో తెలిసిపోతుంది. n దగ్గర తప్పితే జవాబు సరిగ్గా పది రెట్లు మారుతుంది. R దగ్గర తప్పితే ఘాతం మూడింట రెండు కాబట్టి 4.64 రెట్లు. వర్గమూలం కింద ఉన్న S దగ్గర తప్పితేనే 3.16 రెట్లు. పుస్తకం జవాబు తక్కువగా ఉంది కాబట్టి అసలు వాలు అచ్చయినదానిలో పదో వంతు అయి ఉండాలి. అంటే 4000కి 1.

మిగతా దారులు కూడా మూసేయాలి కదా. 0.668 రావాలంటే n 0.079 కావాలి. అది చెట్లూ తుప్పలూ నిండిన వరద మైదానానికి వాడే విలువ. (గుర్రపుడెక్క పట్టిన మా బోదెలు కొన్ని అంతకీ తీసిపోవు, అది వేరే సంగతి.) R అయితే 0.193 కావాలి, పైన కట్టిన వైశాల్యం, చుట్టుకొలత రెండూ దానికి ఒప్పుకోవు.

వీటన్నిటికంటే పిల్లలకు చప్పున ఎక్కింది మన నేల లెక్క. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం సముద్రానికి సుమారు 14 మీటర్ల ఎత్తు. 400కి 1 వాలుతో కాలువ తవ్వితే 5,600 మీటర్లకే ఆ ఎత్తంతా అయిపోతుంది. నీళ్ళు లొల్ల లాకులు చేరేలోపే సముద్రమట్టం కిందికి దిగిపోవాలి, ఆ తర్వాత అమలాపురం దాకా ఎదురెక్కాలి! అదీగాక సెకనుకు రెండు మీటర్ల వేగం మట్టి కాలువ తట్టుకోదు, గట్లు కోసుకుపోతాయి. మామూలు మట్టిలో మీటరు లోపే ఉంచుతారు. 0.668 అనేది రోజూ గట్టు మీద నడుస్తూ చూసే వేగమే.

ఇదంతా మరుసటి రోజు బోర్డు మీద చెప్పాను. వెనక బెంచీ కుర్రాడొకడు మాత్రం కదల్లేదు. "పరీక్షలో ఏది రాయమంటారండీ?" అన్నాడు. ప్రశ్నలో 400 అనే ఇస్తే 2.11 రాయమన్నాను, చూపిన మెట్లకు మార్కులు పోవని. ఇంకేం చెప్పను.

అసలు సాక్ష్యం ఆ పుస్తకంలోనే ఉందని కొన్ని నెలల తర్వాత గానీ గమనించలేదు. అధ్యాయం చివరి అభ్యాసంలో, పై కాలువకే వాలు రెండింతలు చేసి 2000కి 1 చేస్తే వేగమెంత అని ఒక ప్రశ్న ఉంది, జవాబు 0.945. రెండింతలైతే 2000 అయ్యేది 4000 ఒక్కటే. 0.668ని 1.414తో గుణిస్తే 0.945 కూడా వచ్చేస్తుంది. ప్రశ్నలోనూ సాధనలోనూ 400 ఉండటానికి కారణం నా ఊహ ఒకటే: ప్రశ్నలో ఒక సున్నా పోయింది, ప్రూఫు దిద్దినవారు రెండూ కలవాలని సాధనలో కూడా తీసేశారు. జవాబును మళ్ళీ కట్టి చూసే ఓపిక ఎవరికుంటుంది?

ఈ ఊపులో ఒకసారి బోల్తా కూడా పడ్డాను. పంపుల అధ్యాయంలో ఒక జవాబు నాకు వచ్చిన కిలోవాట్ల కంటే 1.36 రెట్లు ఎక్కువగా ఉంటే, క్లాసులో అచ్చుతప్పు అని ప్రకటించేశాను. తీరా చూస్తే అధ్యాయం మొదటి పేజీలోనే చిన్న అక్షరాల్లో ఉంది, శక్తి అంతా మెట్రిక్ హార్స్‌పవర్‌లో ఇచ్చామని. కిలోవాటుకు 1.36 మెట్రిక్ హార్స్‌పవర్. మర్నాడు బోర్డు మీద నా మాట నేనే కొట్టేసుకోవాల్సి వచ్చింది. అప్పట్నుంచి నిష్పత్తి పదితోనో దాని మూలంతోనో సంబంధం లేకుండా వస్తే ముందు యూనిట్లు వెతుకుతాను. పక్కవాలు విషయంలోనూ అంతే. 1.5:1లో ఏది అడ్డం, ఏది నిలువు అన్నది పుస్తకానికో తీరుగా ఉంటుంది.

కొనేవారికి ఇంకో మాట. అభ్యాసాల జవాబులు మూడొంతులు నేను చేసి చూశాను, సరిగ్గానే ఉన్నాయి. నాచ్‌లు, వీర్‌ల అధ్యాయం చాలా బాగుంటుంది. టర్బైన్లకు మాత్రం వేరే పుస్తకం చూసుకోవాలి.

ప్రచురణకర్తలకు ఉత్తరం రాశాను, జవాబు రాలేదు. నా కాపీలో 400 పక్కన పెన్సిల్‌తో సున్నా పెట్టుకున్నాను. మొన్న జూన్‌లో చేరిన పిల్లవాడి దగ్గర కొత్త ముద్రణ ఉంటే తీసి చూశాను. కాగితం మెరుగైంది, కుట్టు గట్టిపడింది. వాలు ఇంకా 400కి 1 అనే ఉంది.