రేషియో టెస్టా, రూట్ టెస్టా: ఏది మేలు?

హనుమకొండలో మా ఇంటి దగ్గర సాయంత్రాలు డిగ్రీ పిల్లలకు రియల్ అనాలిసిస్ చెబుతుంటాను. మొన్న ఒక శ్రేణి ఇచ్చాను: 5/3 + 1/9 + 5/27 + 1/81 + … హారం 3ⁿ, లవం మాత్రం ఒకసారి 5, ఒకసారి 1. ఒకమ్మాయి రేషియోలు తీసింది. 1/15, ఆ వెంటనే 5/3, మళ్లీ 1/15. "5/3 ఒకటి కంటే ఎక్కువుంది కదా సార్, డైవర్జెంటే" అంది.

కాదు. ఏ పదమూ 5/3ⁿ దాటదు కాబట్టి ఇది కన్వర్జెంటే. రేషియోల లిమ్‌సప్ 1 దాటితే డైవర్జెంట్ అని రాసేయడం పరీక్ష పేపర్లలో నేను ఎక్కువగా చూసే తప్పు. ఒక చోటి నుంచి రేషియోలన్నీ 1 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటేనే ఆ మాట అనాలి. ఇక్కడ రేషియో టెస్ట్ ఏమీ తేల్చదు. అదే n-వ మూలం తీస్తే 5 కాస్తా 1కి చేరుతుంది, మూలాలు 1/3కి పోతాయి. లెక్క అయిపోయింది.

ఎందుకిలా? ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి రేటు ఈ రోజుకీ రేపటికీ ఎంత మారిందో చూడటం రేషియో. సీజన్ మొత్తం మీద సగటున రోజుకు ఎన్ని రెట్లు మారిందో చూడటం రూట్. సగటు ఎప్పుడూ పై అంచును దాటదు, కింది అంచు కంటే తగ్గదు. పదాలన్నీ ధనాత్మకమైతే:

```
lim inf a(n+1)/a(n) ≤ lim inf a(n)^(1/n)
  ≤ lim sup a(n)^(1/n) ≤ lim sup a(n+1)/a(n)
```

చివరి అసమానత చూద్దాం. రేషియోల లిమ్‌సప్ కంటే కొంచెం పెద్ద β తీసుకోండి. ఒక N తర్వాత ప్రతి అడుగులో a(n+1) < β·a(n). ఈ అడుగులన్నీ గుణిస్తే a(n) < C·βⁿ, ఇక్కడ C = a(N)/β^N. n-వ మూలం తీస్తే C ఎంత పెద్దదైనా దాని మూలం 1కి వెళ్తుంది, మిగిలేది β. అంటే మూలాల లిమ్‌సప్ β దాటదు. β ని ఎంత దగ్గరికైనా జరపొచ్చు కాబట్టి పని పూర్తయింది.

కాబట్టి రేషియో టెస్ట్ కన్వర్జెంట్ అని తేల్చిన ప్రతి లెక్కనూ రూట్ టెస్ట్ కూడా అలాగే తేలుస్తుంది. తిరగేస్తే నిజం కాదు, పై శ్రేణే సాక్ష్యం.

అయినా ఫ్యాక్టోరియల్ కనబడితే నేను రేషియో దగ్గరికే పోతాను. n!/nⁿ కి రేషియో రెండు లైన్లలో 1/e వస్తుంది. నేరుగా మూలం తీయడం తలనొప్పి. పైగా రేషియోకు లిమిట్ ఉంటే ఆ నాలుగూ ఒకటే అవుతాయి కనుక n!/nⁿ మూలం కూడా 1/eకే పోతుందని ఉచితంగా తెలుస్తుంది. అందుకే రేషియో లిమిట్ సరిగ్గా 1 వస్తే రూట్ టెస్ట్‌కి పరిగెత్తకండి, అక్కడా 1 వస్తుంది. రాబే టెస్ట్ తీయండి.