25 కేవీఏ జనరేటర్, నాలుగు బ్యాటరీల ఇన్వర్టర్: యూనిట్‌కి డీజిల్ ఎంత తాగుతుంది, దేన్ని ఎప్పుడు వాడాలి

నరసరావుపేటలో పది పడకల నర్సింగ్ హోమ్‌లో కరెంటు, నీళ్లు, యంత్రాల వ్యవహారం చూసేది నేనే. 25 కేవీఏ డీజిల్ జనరేటర్‌ని ఏడెనిమిదేళ్లుగా నడుపుతున్నాం. దానికి తోడు 5 కేవీఏ ఇన్వర్టర్, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు నాలుగు ఉన్నాయి. రెండూ బాగానే పనిచేస్తున్నాయి కాబట్టి కంపెనీల గురించి చెప్పేదేమీ లేదు. డబ్బు ఎక్కడ కాలిపోతుందో మాత్రం చెప్పాలి.

జనరేటర్ అంత పెద్దది ఎందుకంటే, ఎక్స్‌రే మిషన్ ఒక్క క్షణమే అయినా గట్టిగా లాగుతుంది. బోరు మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలు కరెంటుకి ఐదారు రెట్లు తీసుకుంటుంది. ఆ సమయంలో నాలుగు ఏసీలు నడుస్తున్నా తట్టుకోవాలి కదా. కానీ రోజులో ఎక్కువ గంటలు మా అసలు లోడ్ లైట్లు, ఫ్యాన్లు, మందుల ఫ్రిజ్, రెండు మానిటర్లు, ఒక ఆక్సిజన్ కాన్సెంట్రేటర్. అన్నీ కలిపి 2 కిలోవాట్లు. 20 కిలోవాట్లు ఇవ్వగల ఇంజిన్ పదో వంతు పని చేస్తూ కూర్చుంటుంది.

ఇలా నడిస్తే డీజిల్ ఎంత పోతుందో తెలుసుకోవడానికి ట్యాంకు గేజ్ పనికిరాదు. మా మెకానిక్ ట్యాంకు పైపు విప్పి, ఐదు లీటర్ల డబ్బాను కాటా మీద పెట్టాడు. "రిటర్న్ పైపు కూడా డబ్బాలోనే ఉండాలండీ, లేకపోతే లెక్క తేడా వస్తుంది," అన్నాడు. ఇంజిన్ తీసుకున్న డీజిల్ అంతా కాలదు, మిగిలింది ఆ సన్న పైపులోంచి వెనక్కి వస్తుంది. డబ్బా బరువు ఎంత తగ్గిందో చూసి, కిలోల అంకెను 0.83తో భాగిస్తే లీటర్లు వస్తాయి. లోడ్ ఎంతో కంట్రోల్ ప్యానెల్ చూపిస్తుంది. పని అయ్యాక పైపుల్లో గాలి చేరి ఉంటుంది కాబట్టి హ్యాండ్ పంపుతో గాలి తీయాల్సిందే, లేకపోతే ఇంజిన్ స్టార్ట్ అయి ఆగిపోతుంది.

మాకు వచ్చిన లెక్క ఇది. ఏ లోడూ లేకుండా ఉత్తినే తిరిగినా గంటకి 1.3 లీటర్లు. ఆపైన ఇచ్చే ప్రతి యూనిట్‌కీ దాదాపు పావు లీటరు. అంటే 2 కిలోవాట్ల దగ్గర గంటకి 1.8 లీటర్లు, యూనిట్‌కి 0.9 లీటరు. 10 కిలోవాట్ల దగ్గర గంటకి 3.8 లీటర్లే కాబట్టి యూనిట్‌కి 0.38. పూర్తి లోడ్‌కి వెళ్తే సుమారు 0.32. డీజిల్ లీటరు 96 రూపాయలు అనుకుంటే, అదే యూనిట్ పూర్తి లోడ్‌లో 30 రూపాయలకి, మా రాత్రి లోడ్‌లో 86 రూపాయలకి పడుతోంది. కారణం మామూలే. 50 హెర్ట్జ్ కావాలంటే ఇంజిన్ ఎప్పుడూ నిమిషానికి 1500 చుట్లు తిరగాలి. పిస్టన్ల రాపిడి, రేడియేటర్ ఫ్యాన్, పంపులు లోడ్ ఉన్నా లేకున్నా తమ వాటా తీసుకుంటాయి.

దీనికి ఆయిల్ ఖర్చు కూడా కలపాలి. 250 గంటలకోసారి ఆయిల్, ఫిల్టర్లు మారిస్తే మాకు 8 వేల దాకా అవుతుంది, గంటకి 32 రూపాయలు. ఇంజిన్ ఎంత మోసిందో అవర్ మీటర్‌కి పట్టదు, గంటలే లెక్క. అంటే రాత్రి 2 కిలోవాట్ల కోసం గంటకి మొత్తం 205 రూపాయలు పోతున్నాయి.

ఇక ఇన్వర్టర్. మా కరెంటు బిల్లులో యూనిట్ సగటున 10 రూపాయలు. చార్జింగ్‌లో, బ్యాటరీలో, మళ్లీ ఏసీగా మార్చడంలో మూడో వంతుకి పైగా పోతుంది. అందుకని బ్యాటరీ నుంచి వచ్చే యూనిట్ 16 రూపాయలు అనుకోవచ్చు, గంటకి 32. కానీ బ్యాటరీలు ఊరికే రావు. నాలుగింటికి 60 వేలు, మా ఎండలకి నాలుగేళ్లు వస్తే గొప్పే. ఇన్వర్టర్ ధరను ఎనిమిదేళ్లకి పంచి కలిపితే, వాడినా వాడకపోయినా ఏడాదికి 20 వేలు పక్కన పెట్టాలి. గంటకి మిగిలేది 173 రూపాయలు కాబట్టి ఏడాదికి 115 గంటలు, నెలకి ఇంచుమించు పది గంటలు కరెంటు పోతేనే ఆ ఖర్చు తిరిగొస్తుంది. అంతకన్నా తక్కువ పోయే చోట డబ్బు లెక్కలో జనరేటరే చవక. మానిటర్లు ఆరిపోకుండా ఉండటం కోసం ఇన్వర్టర్ కొనడం వేరే విషయం. జనరేటర్ ఎంత ఆటోమేటిక్‌గా స్టార్టయినా పది పదిహేను సెకన్ల చీకటి తప్పదు.

ఈ లెక్కలో చాలామంది జారిపోయే చోటు ఒకటుంది. ఏసీల కోసం జనరేటర్ ఎలాగూ తిరుగుతోంది, లైట్లు, ఫ్యాన్లు ఇన్వర్టర్ మీదే ఉంటే డీజిల్ మిగులుతుంది కదా అనుకుంటారు. మిగలదు. ఇంజిన్ తిరగడానికయ్యే 1.3 లీటర్లు అప్పటికే పోతున్నాయి. ఆ 2 కిలోవాట్లు తప్పిస్తే మిగిలేది అర లీటరే, 48 రూపాయలు. అందులో 32 బ్యాటరీ కరెంటుకే పోతాయి, మిగతాది బ్యాటరీల అరుగుదల మింగేస్తుంది. ఇన్వర్టర్ లాభమంతా జనరేటర్‌ని ఆపేసినప్పుడే. అది ఆన్‌లో ఉంటే అన్నిటినీ దాని మీదకే మార్చేయాలి.

అందుకే లైన్ పనుల కోసం పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కరెంటు తీస్తామని ముందే చెప్పిన రోజు మేం ఇలా చేస్తాం. మొదట జనరేటర్ వేసి, ఆ గంటలోనే బోరు మోటారుతో ట్యాంకు నింపి, ఆటోక్లేవ్ పెట్టి, ఆగి ఉన్న ఎక్స్‌రేలన్నీ తీయించి, ఏసీలు కూడా వేస్తాం. లోడ్ 10 కిలోవాట్ల దగ్గరికి వస్తుంది. తర్వాత దాన్ని ఆపి బ్యాటరీల మీద గంట నడుపుతాం. వాటి మీద 150 ఏహెచ్ అని రాసి ఉన్నా, నెమ్మదిగా వాడితేనే అంత వస్తుంది. 2 కిలోవాట్లకి రెండు గంటల్లో ఖాళీ అయిపోతాయి, అందుకే సగంలోనే ఆపుతాం. మళ్లీ జనరేటర్ వేసినప్పుడు బ్యాటరీలు దాని మీదే చార్జ్ అవుతాయి. ఆ యూనిట్ మరీ చవకేం కాదు గానీ, 86 రూపాయలు పెట్టే బాధ లేదు.

తక్కువ లోడ్‌లో గంటలు గంటలు నడిపితే ఇంకో రోగం వస్తుంది. సిలిండర్ వేడెక్కదు, డీజిల్ పూర్తిగా కాలదు. సైలెన్సర్ జాయింటు దగ్గర నల్లటి జిడ్డు కారుతుంటే అదే గుర్తు. గుడ్డతో తుడిస్తే గ్రీజులా అంటుకుంటుంది, డీజిల్ వాసన వస్తుంది. మా దానికి అలా కనబడినప్పుడు ఏసీలన్నీ వేసి, బోరు నడిపి, ఐదారు గంటలు 14 కిలోవాట్లకి తగ్గకుండా తిప్పాం. మొదటి గంటలో పొగ గట్టిగానే వచ్చింది, తర్వాత శుభ్రపడింది. ఇప్పుడు లోడ్ 6 కిలోవాట్ల లోపు ఉంటే ఎక్కువసేపు నడపనివ్వను.

వేసవి సాయంత్రాలు నాలుగు ఏసీలూ నడుస్తున్నప్పుడు కరెంటు పోతే ఇన్వర్టర్ ఊసే వద్దు. ఆ లోడ్‌కి బ్యాటరీలు ఐదింతలు కొనాలి, జనరేటర్ మీద యూనిట్ 37 రూపాయల్లోపే వస్తోంది. కొత్తగా కొనేవాళ్లు మాత్రం కరపత్రంలో పెద్దగా వేసిన 75 శాతం, 100 శాతం అంకెలు చూసి సరిపెట్టుకోకండి. 25 శాతం లోడ్‌లో గంటకి ఎన్ని లీటర్లో డీలర్ని అడిగి రాయించుకోండి.