లాక్ పడిన ఐఫోన్ 11, రికవరీ మోడ్: ఏం తిరిగొచ్చింది, ఏం రాలేదు

అమ్మ ఐఫోన్ 11 కొన్నేళ్లుగా వాడుతోంది. కెమెరా, బ్యాటరీల గురించి నాకు ఫిర్యాదు లేదు. ఈ సమీక్ష మాత్రం ఒక్క విషయం మీదే: పాస్‌కోడ్ తప్పు కొట్టీ కొట్టీ ఫోన్ మూసుకుపోతే అది ఎలా నడుచుకుంటుందో.

మా మేనల్లుడు ఆటగా అంకెలు నొక్కుతూ పోయాడు. మొదట ఒక నిమిషం ఆగమంది. తర్వాత ఆ ఎదురుచూపు పెరుగుతూ వచ్చి చివరికి iPhone Unavailable అని చూపించింది. కొత్త ఐఓఎస్‌లలో అదే తెరమీద ఫోన్‌ను చెరిపేసే దారి కూడా ఉంటుంది. కానీ దానికి నెట్ కావాలి, యాపిల్ ఐడీ పాస్‌వర్డ్ కావాలి. మా వాళ్లు కంగారులో ఫోన్ ఆపేసి మళ్లీ వేశారు. అలా వేశాక పాస్‌కోడ్ కొట్టేదాకా అది ఇంటి వైఫైని పట్టుకోలేదు. అమ్మ సిమ్‌లో మొబైల్ డేటా ఆపి ఉంది. దాంతో ఆ దారి మూసుకుపోయింది. మీకిలా జరిగితే మాత్రం ఫోన్ స్విచాఫ్ చేయకండి.

ఇక మిగిలింది ఫోన్‌ను కంప్యూటర్‌కు కలిపి ఐఓఎస్‌ను మళ్లీ ఎక్కించే రికవరీ మోడ్. దానికంటే ముందు చూసుకోవాల్సింది ఒకటుంది. పాస్‌కోడ్ తెలియకుండా ఫోన్ లోపలి డేటాను మామూలు షాపులవాళ్లెవరూ బయటికి తీయలేరు. డేటాను తెరిచే తాళంచెవి మీ పాస్‌కోడ్‌తో పాటు ఆ ఫోన్ చిప్‌లోనే ఉన్న రహస్య సంఖ్యతోనూ ముడిపడి ఉంటుంది. మెమరీ చిప్ ఊడదీసి వేరే బోర్డుకు అతికించినా లాభం లేదు. "డేటా పోకుండా అన్‌లాక్ చేసిస్తాం, నాలుగు వేలు అవుతుంది" అని ఒక షాపాయన చెప్పాడు. దండం పెట్టి వచ్చేశాను.

అంటే ముందే ఫోన్ బయటికి చేరినదే దక్కుతుంది. అందుకే ఏదీ చెరపకముందు లాప్‌టాప్‌లో యాపిల్ ఆన్‌లైన్ నిల్వ అయిన icloud.com తెరిచి చూశాను. లాగిన్‌కు కోడ్ కావాలంది. ఆ కోడ్ వచ్చే నంబరు లాక్ పడిన ఫోన్‌లోనే ఉంది. సిమ్ తీసి నా పాత ఫోన్‌లో వేస్తే ఎస్సెమ్మెస్ వచ్చింది. కాంటాక్టులు, నోట్స్ అన్నీ ఉన్నాయి. ఫొటోలు మాత్రం సంక్రాంతి దగ్గర ఆగిపోయాయి. ఉచితంగా ఇచ్చే 5 జీబీ నిండిపోవడంతో ఆ తర్వాతవి పైకి ఎక్కలేదు.

ఇప్పుడు అసలు పని. విండోస్ లాప్‌టాప్‌లో ఐట్యూన్స్ తెరిచి, కేబుల్‌తో ఫోన్ కలిపాను. వాల్యూమ్ పెంచే బటన్ ఒకసారి నొక్కి వదలాలి, తగ్గించేది ఒకసారి నొక్కి వదలాలి, ఆ తర్వాత పక్క బటన్ నొక్కి పట్టుకోవాలి. యాపిల్ గుర్తు రాగానే చాలామంది వదిలేస్తారు, అప్పుడు ఫోన్ మామూలుగా ఆన్ అయిపోతుంది. గుర్తు పోయి, కేబుల్, లాప్‌టాప్ బొమ్మ వచ్చేదాకా పట్టే ఉండాలి. ఐఫోన్ 8 నుంచి ఇదే పద్ధతి. ఐఫోన్ 7లో వాల్యూమ్ తగ్గించే బటన్, పక్క బటన్ కలిపి పట్టుకోవాలి. అంతకుముందు వాటిలో హోమ్ బటన్, పవర్ బటన్.

లాప్‌టాప్ తెరమీద Update, Restore అని రెండు కనిపిస్తాయి. Update డేటాను ముట్టుకోదు, ఐఓఎస్‌ను మళ్లీ ఎక్కిస్తుంది. అది చూసి ఆశ పుడుతుంది కానీ, పాస్‌కోడ్ కూడా అలాగే ఉంటుంది. ఫోన్ యాపిల్ గుర్తు దగ్గరే ఇరుక్కుపోయినప్పుడు పనికొచ్చేది అది. పాస్‌కోడ్ పోవాలంటే Restore తప్పదు, దాంతోపాటు లోపలున్నదంతా పోతుంది.

Restore నొక్కాక ఐఓఎస్ ఫైల్ డౌన్‌లోడ్ అవుతుంది, అది కొన్ని జీబీలుంటుంది. పావుగంట దాటితే ఫోన్ రికవరీ మోడ్ నుంచి బయటికొచ్చి మళ్లీ లాక్ తెర చూపిస్తుంది. మా ఊరి నెట్‌కు అదే జరిగింది. ఏదో పాడైందని అనుకోనక్కర్లేదు. డౌన్‌లోడ్ పూర్తి కానిచ్చి, బటన్లు మళ్లీ నొక్కి, Restore అనాలి. మధ్యలో 4013 లాంటి ఎర్రర్ వస్తే ముందు కేబుల్, యూఎస్‌బీ పోర్టు మార్చి చూడండి.

చెరిగాక ఫోన్ పాత యాపిల్ ఐడీనే అడుగుతుంది. దొంగకు పనికిరాకుండా పెట్టిన తాళం అది. కొన్నప్పుడు షాపులోనే ఎవరో ఐడీ పెట్టి ఇస్తే, పాస్‌వర్డ్ తెలియనివాళ్లు ఇరుక్కునేది ఇక్కడే. అలాంటివారు Restore నొక్కకముందే iforgot.apple.com లో పాస్‌వర్డ్ సరిచేసుకోవడం మేలు. అదీ కుదరకపోతే కొన్న బిల్లుతో యాపిల్‌ను అడగాలి.

ఐక్లౌడ్ బ్యాకప్ ఎంచుకున్నాక యాప్‌లు, పాత మెసేజ్‌లు తిరిగొచ్చాయి. వాట్సాప్ కూడా సంక్రాంతి దాకానే వచ్చింది. ఆ తర్వాతి ఫొటోల్లో బంధువులకు పంపినవి వాళ్ల దగ్గర నుంచి తెప్పించుకున్నాం, మిగతావి పోయాయి.

రక్షణ పరంగా ఈ ఫోన్‌కు పూర్తి మార్కులు వేస్తాను. రికవరీ మోడ్‌కు మాత్రం సగమే. ఆ పేరు చూసి డేటా తిరిగి తెస్తుందనుకుంటారు, అది తెచ్చేది ఫోన్‌ను మాత్రమే. ఇప్పుడు నెలకు 75 రూపాయల 50 జీబీ ప్లాన్ తీసుకున్నాం. నేను ఇంటికెళ్లినప్పుడల్లా సెట్టింగ్స్‌లో ఐక్లౌడ్ బ్యాకప్ చివరిగా ఎప్పుడు పూర్తయిందో ఆ తేదీ చూస్తున్నాను.