రేజరు కురుపులకు చీటీ లేకుండా క్రీము కొంటున్నారా? ముందు నా సంగతి వినండి

పర్లాకిమిడి, పాతపట్నం, గుణుపురం వైపు ఉండే అన్నదమ్ములకు, ముఖ్యంగా గడ్డం రింగులు తిరిగేవారికి, ఇది రాస్తున్నాను. గడ్డం గీసుకున్నాక మెడ మీదా దవడ కిందా కురుపులు లేస్తుంటే, మందుల దుకాణంలో నోటిమాటగా ఇచ్చే క్రీము కొనకండి. నేను కొన్నాను. నాలుగు నెలలు రాశాను. ఆ నాలుగు నెలల నష్టం పూడడానికి ఏడాది దగ్గర పట్టింది.

నేను ఒక ఫైనాన్సు సంస్థలో వసూళ్ల పని చేస్తాను. ఉద్యోగంలో చేరిన రోజే రోజూ నున్నగా గడ్డం గీసుకుని రావాలని చెప్పారు. అంతకుముందు వారానికి ఒకసారి మా వీధి సెలూన్‌లో గీయించుకునేవాణ్ణి, ఏ బాధా లేదు. రోజూ వెళ్లడం కుదరక ఐదు బ్లేడ్ల రేజరు కొన్నాను. మొదటి వారం చెంప అద్దంలా ఉంది. రెండో వారం నుంచి దవడ ఎముక కింద మిరియపు గింజలంత కురుపులు మొదలయ్యాయి. కొన్నింటి కొసన చీము, కొన్నింటి మధ్య నల్లటి చుక్క. విచిత్రంగా మీసం ఉన్న చోట ఒక్కటీ లేదు. కురుపులున్నా ఉద్యోగం కోసం గీయక తప్పదు, గీస్తే వాటి తలలు తెగి రక్తం. చొక్కా కాలరు తగిలినా మండేది.

బజారులో దుకాణదారు నా మెడ చూసి, "ఇన్‌ఫెక్షన్ అన్నా, ఇది రాయి, మూడు రోజుల్లో పోతుంది" అని పదిహేను గ్రాముల ట్యూబు ఇచ్చాడు. చీటీ అడగలేదు, బిల్లూ ఇవ్వలేదు. ఆయన చెప్పినట్టే మూడో రోజుకు కురుపులు అణిగాయి, ఎరుపు పోయింది, ముఖం తెల్లబడినట్టు కూడా అనిపించింది. ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. మా తమ్ముడికి మొటిమలుంటే వాడికీ అదే ఇచ్చాను. అన్నిటికన్నా నన్ను ఎక్కువ బాధించేది ఇదే.

రెండో నెల నుంచి లెక్క మారింది. ఒక రోజు రాయకపోతే సాయంత్రానికి కురుపులు తిరిగి వచ్చేవి. మూడో నెలలో రెండు పూటలా రాయాల్సి వచ్చింది. నాలుగో నెలలో ఊరు వెళ్తూ ట్యూబు మరిచిపోయాను. రెండు రోజులకే ముఖమంతా కందిపోయి, ఎండలో నిలబడితే కారం పూసినట్టు మంట. అద్దంలో దగ్గరగా చూసుకుంటే చెంపల మీద ఎర్రటి సన్నని నరాలు కనిపించాయి. దవడ దగ్గర చర్మం ఉల్లిపొరలా పలచబడింది. గీసుకునేటప్పుడు బ్లేడు ఊరికే తాకినా తెగుతోంది.

అప్పుడు బరంపురం వెళ్లి చర్మవైద్యురాలికి చూపించుకున్నాను. ఆమె ముందు నా మెడను భూతద్దంతో చూశారు, తరువాత సంచిలోని ట్యూబు తీయమన్నారు. మూత దగ్గర సన్నని అక్షరాల్లో క్లోబెటసాల్ 0.05 శాతం, దానితోపాటు ఒక యాంటీబయోటిక్, ఒక తామర మందు ఉన్నాయి. క్లోబెటసాల్ పూత స్టెరాయిడ్లలో అత్యంత బలమైన రకమట. ముఖానికి వాడకూడదు, వేరే చోటైనా సాధారణంగా రెండు వారాలకు మించకూడదు. ఇలాంటి పూత స్టెరాయిడ్లను వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2018లోనే నిబంధన తెచ్చింది. నా చేతికి మాత్రం చాక్లెట్టు ఇచ్చినట్టు ఇచ్చారు.

"ఇది ఇన్‌ఫెక్షన్‌తో మొదలైన జబ్బు కాదు బాబూ, వెంట్రుకతో మొదలైనది" అని డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. రింగుల వెంట్రుక పుట్టే గొట్టమే చర్మంలో వంకరగా ఉంటుంది. ఐదు బ్లేడ్ల రేజరులో ముందు బ్లేడు వెంట్రుకను కాస్త పైకి లాగుతుంది, అది వెనక్కి జారేలోపు తరువాతి బ్లేడు కోస్తుంది. మిగిలిన మొదలు చర్మం లోపలికి దిగిపోతుంది, దాని కొస ఏటవాలుగా తెగి సూదిలా ఉంటుంది. నిటారు వెంట్రుకైతే మళ్లీ దారినే పైకి వస్తుంది. వంకర వెంట్రుక బయటికి రాకముందే గొట్టం గోడను పొడుచుకుని పక్క కండలోకి వెళ్తుంది. ఇంకొన్ని బయటికి వచ్చి, వంగి, ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలో మళ్లీ చర్మంలో దిగబడతాయి. శరీరం దాన్ని గుచ్చుకున్న ముల్లులా భావించి వాచిపోతుంది. ఆ వాపే కురుపు. చీము కూడా చాలాసార్లు ఆ పోరాటం వల్ల వచ్చేదే.

క్రీము మోసం ఎక్కడుందో నాకు అప్పుడు అర్థమైంది. స్టెరాయిడ్ ఆ వాపును నొక్కేస్తుంది, ముల్లును తీయదు. పైకి నయమైనట్టు కనిపించడంతో నేను అదే రేజరుతో మరింత నున్నగా గీశాను, మరిన్ని వెంట్రుకలు లోపలికి దిగాయి, మరింత క్రీము కావాల్సి వచ్చింది.

మీది ఈ జబ్బేనా అని గుర్తుపట్టడం పెద్ద కష్టం కాదు. కురుపులు గీసిన చోటే, అందులోనూ వెంట్రుకలు రకరకాల దిక్కుల్లో మొలిచే మెడ మీదా దవడ కిందా ఎక్కువగా వస్తాయి. గీయడం ఆపితే కొన్ని వారాల్లో తగ్గుతాయి. కాస్త వెలుతురులో చూస్తే కురుపు మీద విల్లులా వంగిన వెంట్రుక కనిపిస్తుంది. గుండ్రంగా పాకుతూ అంచున దురద పెట్టే మచ్చయితే అది తామర కావచ్చు, స్టెరాయిడ్ దాన్ని దాచిపెట్టి ఇంకా పాకనిస్తుంది. తామర మందు కలిసి ఉందిగా అని ధైర్యపడకండి. జ్వరం, వేగంగా పెరిగే గడ్డ, చాలా నొప్పి ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోండి.

నా వైద్యంలో అసలు మందు గడ్డం గీయకపోవడమే. కనీసం నాలుగు వారాలు ఆపమన్నారు, నాకు ఆరు పట్టింది. మొదటి పది రోజులు పెరుగుతున్న వెంట్రుకలు కొత్తగా గుచ్చుకుని కురుపులు ఎక్కువయ్యాయి. చాలామంది ఇక్కడే బెదిరి మళ్లీ రేజరు పడతారని ఆమె ముందే హెచ్చరించారు. వెంట్రుక సెంటీమీటరు దగ్గరకు పెరిగేసరికి వంగిన స్ప్రింగు విప్పుకున్నట్టు కొస తనంతట తానే బయటికి లేస్తుంది. నిజంగానే నాలుగో వారం నుంచి ఒక్కొక్కటే లేచాయి. రోజూ పది నిమిషాలు గోరువెచ్చని నీటి గుడ్డతో కాపడం పెట్టేవాణ్ణి. ఉచ్చులా కనిపించిన వెంట్రుకను స్పిరిటుతో తుడిచిన సూదితో కొస మాత్రం పైకి లేపేవాణ్ణి. పీకకూడదు. పీకితే కింద నుంచి కొత్త కొస మళ్లీ లోపలే పొడుచుకుంటుంది. పైకి కనబడని దాని కోసం సూదితో తవ్వకూడదు కూడా, మచ్చ మిగులుతుంది.

స్టెరాయిడ్ సంగతి వేరు. నెలల తరబడి రాసినదాన్ని ఒక్కసారి ఆపితే ముఖం ఎదురుతిరుగుతుంది. నాకు ఆమె బలం తక్కువ మందుకు మార్చి, తరువాత స్టెరాయిడ్ లేని పూతకు తెచ్చి, మూడు నెలల్లో పూర్తిగా మాన్పించారు. చర్మం కోలుకున్నాకే రాత్రిళ్లు అడాపలిన్ 0.1 శాతం జెల్ మొదలుపెట్టారు, అది గొట్టాల నోళ్లు మూసుకుపోకుండా చూస్తుంది. మొదట రోజు విడిచి రోజు, బఠాణీ గింజంత. పలచబడిన చర్మం మీద ఇదే జెల్ మొదటి రోజే రాసి ఉంటే ఇంకా కాలిపోయేదట. అందుకే నా మందుల పేర్లు చూసి మీరు కొనుక్కోవద్దు. మా తమ్ముడు రాసింది పన్నెండు రోజులే కాబట్టి వాడు త్వరగా బయటపడ్డాడు.

ఇప్పుడు వారంలో ఐదు రోజులు ట్రిమ్మరు వాడతాను, ఒక మిల్లీమీటరు గడ్డం మిగిలేలా. సున్నా మీద పెట్టను, చర్మానికి అదిమి పట్టను. చేయి పెట్టి చూస్తే గరగరలాడాలి, నున్నగా తగిలితే ఎక్కువ తీసినట్టే. పెళ్లికో పండగకో గీయాల్సివస్తే ఒకే బ్లేడు ఉండే పాతకాలపు రేజరు. స్నానం తరువాత వెంట్రుక మెత్తబడ్డాక నురగ పట్టించి రెండు మూడు నిమిషాలు ఆగుతాను. చర్మాన్ని వేళ్లతో సాగదీయను, సాగదీసి వదిలితే తెగిన మొదలు లోపలికి జారుతుంది. ఎదురు గీయను. ఒక చోట రెండుసార్లకు మించి బ్లేడు ఆడించను.

వాలు వెంబడి గీయమని చెప్పడం తేలికే, నా మెడ మీద వాలు ఏదో నాకే తెలియదు. దాన్ని మా వీధి సెలూన్ బాబాయి చూపించారు. రెండు రోజుల గడ్డం మీద నా వేలే పట్టి నడిపించి, "కుడివైపు కిందకి వస్తోంది, ఎడమవైపు గొంతు దగ్గర సుడి ఉంది, అక్కడ పక్కకు గీయాలి" అన్నారు. ఇన్నేళ్లూ ఆయన చేతిలో నాకు కురుపులు ఎందుకు రాలేదో అప్పుడు తెలిసింది. కొత్త బ్లేడు ముక్క వేసి ఒకే వాటున, సుడి చూసుకుంటూ, వారానికి ఒకసారి గీసేవారు.

ఇవన్నీ చేసినా నెలకు ఒకటి రెండు కురుపులు వస్తూనే ఉంటాయి. వెంట్రుక స్వభావం మారదు. పూర్తిగా పోవాలంటే గడ్డం పెంచుకోవాలి, లేదా లేజరుతో వెంట్రుకల కుదుళ్లనే బలహీనపరచాలి. మన నల్ల చర్మానికి 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ రకం నయమని, తప్పుడు యంత్రంతో చర్మం కాలి మచ్చలు పడతాయని డాక్టరమ్మ చెప్పారు. కాబట్టి తక్కువ ధర ప్రకటన చూసి బ్యూటీ పార్లరుకు పరుగెత్తకండి. చాలాసార్లు కూర్చోవాలి, తరువాత కావాలన్నా అక్కడ గడ్డం ఒత్తుగా రాదు. నేను చేయించుకోలేదు.

మీ ఇంట్లో అలాంటి ట్యూబు ఉంటే ఇప్పుడే తీసి చదవండి. క్లోబెటసాల్, బెటామెథసోన్, మోమెటసోన్, ఫ్లూఓసినోలోన్ అని ఏది ఉన్నా అది స్టెరాయిడే. పేరే లేని డబ్బాలో ఇచ్చినదైతే ఇంకా అనుమానించండి. కొన్నాళ్లే రాసి ఉంటే ఆపేయండి. నెలలుగా రాస్తుంటే ట్యూబు పారేయకుండా చర్మవైద్యుల దగ్గరకు పట్టుకెళ్లండి, ఏది ఎంతకాలం రాశారో తెలియకపోతే వాళ్లు ఆ మందును మెల్లగా తగ్గించి మాన్పించడం కష్టం. బిల్లు అడిగి తీసుకోండి. నా దగ్గర లేకపోవడం వల్ల ఆ దుకాణం మీద ఫిర్యాదు రాసినా నిరూపించలేకపోయాను.

ఉద్యోగం సంగతి చాలామంది అడుగుతారు. ఒక మిల్లీమీటరు గడ్డం వైద్య కారణంగా అవసరమని డాక్టరమ్మ రాసిన చీటీ మేనేజరుకు ఇచ్చాను. ఆయన మాట మాట్లాడకుండా ఫైలులో పెట్టుకున్నారు. ఆ చీటీ మొదటి నెలలోనే అడిగి ఉండాల్సింది.