సియోమ్స్-1 ఫారం: ఏళ్ల తరబడి వాడాక

మందు వికటించిన కేసు మా చేతికి వచ్చేసరికి సాధారణంగా ఇలా ఉంటుంది: "అమోక్సిసిలిన్ వేసుకున్న మర్నాడే ఒళ్లంతా దద్దుర్లు. ఫిట్స్ మాత్ర కూడా వాడుతోంది. అడ్మిట్ చేసి మందులు ఆపాం. తగ్గాక పంపాం." దీన్ని రిపోర్టుగా మార్చడానికి, మందులు వికటించిన కేసులను నివేదించేందుకు అంతర్జాతీయంగా వాడే సియోమ్స్-1 ఫారం ఇప్పటికీ బాగా పనికొస్తుంది. అయితే గడులను వరసగా నింపుకుంటూ పోతే పప్పులో కాలేసినట్టే. ముందు విడిగా ఒక కాగితం మీద తేదీలు వేసుకోవాలి.

పై కేసులో ఫోన్ చేసి అడిగితే తేలిన తేదీలివి. మార్చి 3న ఫిట్స్ మాత్ర కార్బమజెపిన్ మొదలు. 22న జ్వరం, గొంతునొప్పి. 23న వాటి కోసమే అమోక్సిసిలిన్. 24న దద్దుర్లు. 25న అడ్మిషన్, రెండు మందులూ ఆపివేత. ఏప్రిల్ 2న డిశ్చార్జి.

ఇలా రాసి చూస్తే కథ తిరగబడుతుంది. జ్వరం అమోక్సిసిలిన్ కంటే ముందే వచ్చింది. కార్బమజెపిన్‌తో వచ్చే తీవ్రమైన చర్మ సమస్యలు ఎక్కువగా మొదటి కొన్ని వారాల్లోనే కనిపిస్తాయి, చాలాసార్లు వాటికి ముందు జ్వరం వస్తుంది. ఇక్కడ జ్వరం వచ్చింది ఇరవయ్యో రోజున. అంటే అది గొంతు ఇన్ఫెక్షన్ కాకుండా రియాక్షన్‌కే తొలి గుర్తు కావచ్చు. అలాగని అమోక్సిసిలిన్‌ను వదిలేయకూడదు, దద్దుర్లు దాని తర్వాతే కదా. 14వ గడిలో, అంటే అనుమానిత మందుల దగ్గర, రెండూ రాయాలి. ఫిట్స్ మాత్రను "పాత మందే కదా" అని 22వ గడిలోకి, ఇతర మందుల్లోకి నెట్టేయడమే అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు.

ఎక్కువమంది తడబడేది 20, 21 గడుల దగ్గర. మందు ఆపాక తగ్గిందా అంటే అవును. కానీ రెండూ ఒకే రోజు ఆపారు కాబట్టి ఏది ఆపడం వల్ల తగ్గిందో ఈ జవాబు చెప్పదు, ఆ మాట వివరణలో రాయాలి. మళ్లీ ఇస్తే తిరిగి వచ్చిందా అన్నదానికి "లేదు" అని టిక్ పెడితే, మందు మళ్లీ ఇచ్చారు, ఏమీ కాలేదు అని చదువుతారు. అసలు ఇవ్వలేదు కనుక "వర్తించదు" అనే పెట్టాలి. ఈ ఒక్క టిక్కు ప్రమాదకరమైన మందును నిర్దోషిగా చూపించగలదు.

ఫారంలో నాకు కనిపించే పెద్ద లోటు, చివరికి ఏమైందో రాయడానికి వేరే గడి లేకపోవడం. మరణానికి, ఆసుపత్రిలో చేరడానికి, వైకల్యానికి, ప్రాణాపాయానికి టిక్కులున్నాయి. కోలుకున్నారా, ఇంకా కోలుకుంటున్నారా అన్నది మాత్రం వివరణలో మనమే రాయాలి, అదీ ఒక్కో లక్షణానికి విడిగా, తేదీతో. "తగ్గాక పంపాం" అన్న మాటను "కోలుకున్నారు" అని మార్చేయకూడదు. డిశ్చార్జి నాటికి ఈ రోగికి జ్వరం పోయింది, చర్మం ఇంకా పొట్టు రాలుతోంది. కాబట్టి రాయాల్సింది: "ఏప్రిల్ 2 నాటికి జ్వరం తగ్గిపోయింది, దద్దుర్లు తగ్గుతున్నాయి." పూర్తిగా మానిన తేదీ తెలిశాక ఫాలో-అప్ రిపోర్టు పంపాలి.